రిటైల్ సూపర్‌వైజర్ నుంచి కస్టమర్ సక్సెస్‌కి: కవర్ లెటర్‌లో ఈ పేరా నిలబడుతుందా?

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక బట్టల షోరూంలో ఆరేళ్లుగా ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఇప్పుడు దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీలో కస్టమర్ సక్సెస్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నాను.

మొదటి లెటర్‌లో "ఓపిక ఉంది, బాగా మాట్లాడతాను" అని రాశాను. నాలుగు చోట్లకు పంపితే ఒక్క పిలుపూ రాలేదు. ఆ మాటలు సపోర్ట్ ఉద్యోగానికి సరిపోతాయేమో. సక్సెస్ పని వేరు కదా, కస్టమర్ ఫిర్యాదు చేయకముందే గమనించి, రెన్యువల్ నాటికి మనతోనే ఉండేలా చూడాలి. అందుకే ఈ పేరా ముందు తెలుగులో రాసుకున్నాను, తర్వాత ఇంగ్లీషులోకి మారుస్తాను:

"మెంబర్‌షిప్ కార్డు ఉండి ఆరు నెలలుగా రాని 60 మందికి వేసవిలో ఫోన్ చేశాను. ఎక్కువమంది చెప్పింది ఒకటే, జాకెట్లు అన్న రోజుకి కుట్టి ఇవ్వడం లేదని. టైలర్‌తో కూర్చుని రోజుకు ఎన్ని ఒప్పుకోవాలో లెక్క కట్టాం. ఆలస్యమైతే ముందురోజే చెప్పడం మొదలుపెట్టాం. దసరాకల్లా 22 మంది తిరిగి వచ్చారు. మీ సాఫ్ట్‌వేర్ వాడకం తగ్గించిన దుకాణాలను కూడా ఇలాగే ముందే గుర్తించి, కారణం కనుక్కోగలను."

నా టెన్షన్ అంతా ఆ 22 మీదే. పండక్కి ఎలాగూ వస్తారు కదా అని ఇంటర్వ్యూలో అడిగితే? ఆ అంకె ఉంచాలా, జాకెట్ల సంగతితో ఆపాలా? సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ వాడలేదు, ఎక్సెల్‌లోనే లిస్టు పెట్టుకున్నాను. అది లెటర్‌లోనే చెప్పేయాలా? ఈ రంగంలో మనుషుల్ని తీసుకునేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.