అమ్మకాలు పెరిగాయి, డబ్బు రాలేదు: ఆడిట్ కమిటీలో ఏం అడగాలి?

కొత్త సభ్యురాలు: ఈమధ్యే ఒక కంపెనీ ఆడిట్ కమిటీలో చేరాను. చదివింది ఇంజనీరింగ్, అకౌంట్స్ అంతంతమాత్రం. ఎల్లుండి మీటింగ్. మూడు నెలల అమ్మకాలు 100 కోట్ల నుంచి 118 కోట్లకు పెరిగాయి. రావలసిన బాకీలేమో 40 నుంచి 62 కోట్లయ్యాయి. ఫైనాన్స్ హెడ్‌ని అడిగితే "సీజన్ అండీ" అన్నారు. ఇంకేం అడగాలి?

డైరెక్టర్ గారి తమ్ముడు: ఆడిటర్ ఓకే అంటే కమిటీ ఆమోదించడమే. నమ్మకం లేకపోతే వోచర్లు తెప్పించుకుని మీరే చూడండి.

పాత ఆడిటర్: రెండూ కాదండీ. లెక్కలు వేసేది యాజమాన్యం, పరీక్షించేది ఆడిటర్. వాళ్లు దేన్ని ఆధారంగా నమ్మారో నిలదీసేది కమిటీ. మీ అంకెల ప్రకారం బాకీలు ఇదివరకు 36 రోజుల అమ్మకాలతో సమానం, ఇప్పుడు 47. సీజనే కారణమైతే పోయినేడు ఇదే మూడు నెలల్లోనూ ఇలాగే ఉండాలి, ఆ అంకె అడగండి. తర్వాత చివరి వారం బిల్లుల జాబితా, ప్రతి బిల్లు పక్కన సరుకు అందిన తేదీతో. దానితోపాటు తర్వాతి నెల మొదట్లో వచ్చిన వాపసులు, బిల్లు మొత్తం తగ్గిస్తూ ఇచ్చిన క్రెడిట్ నోట్లు.

నేను చూసిన ఒకచోట ఆఖరి 4 రోజుల్లో 15 కోట్ల బిల్లులు వేశారు. అందులో 6 కోట్ల సరుకు గోడౌన్ దాటలేదు. ఒప్పందం ప్రకారం సరుకు అందాకే అది అమ్మకం. బిల్లు నిజం, కొన్నవాడూ నిజం, తేదీ ఒక్కటే అబద్ధం.

అకౌంట్స్ ఉద్యోగి: మా బాధ వేరే. నెలాఖరు రాత్రి చేత్తో వేసే జర్నల్ ఎంట్రీలు వేసేదీ, ఆమోదించేదీ ఒకే లాగిన్. ఇంటర్నల్ ఆడిటర్ ఆ సంగతి రాశారు కూడా. రిపోర్టు ముందు ఫైనాన్స్ హెడ్‌కి వెళ్తుంది, కమిటీకి చేరేసరికి ఆ పేరా ఉండదు!

ఫ్లాట్ల సెక్రటరీ: మా ట్రెజరర్ లెక్కలు చూపించడం లేదు. ఈ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చా?

పాత ఆడిటర్: ఇది కంపెనీ బోర్డులో ఉండే కమిటీ అండీ. మీరు సభ్యుల సమావేశంలో అడగాలి.

అకౌంట్స్ గారూ, అందుకే ఇంటర్నల్ ఆడిట్ రిపోర్టు నేరుగా కమిటీకే రావాలి. మేడమ్, మీటింగ్‌లో యాజమాన్యాన్ని కాసేపు బయటకు పంపి, ఆడిటర్‌ని "మీరు దిద్దమన్నా వాళ్లు దిద్దనివి ఏమున్నాయి?" అని అడగండి. ఆ జాబితా ఆయన దగ్గర ఉండాలి.

కొత్త సభ్యురాలు: మీరు చెప్పిన 6 కోట్లలాంటిది దొరికి, దిద్దేస్తే ఇక సమస్య లేనట్టేనా?

పాత ఆడిటర్: అంకె సరవుతుంది. కానీ దాన్ని పట్టింది ఆడిటరైతే, మీ కంపెనీ సొంత తనిఖీ పట్టలేదన్నమాట. ఎంత తప్పు జరిగిందన్నదే కాదు, ఎంత జరగగలిగేదో చూసి లోపం తీవ్రత తేల్చాలి.

డైరెక్టర్ గారి తమ్ముడు: ఒక్కసారి జరిగినదానికి అంత మాటా? పైగా ఫలితాలకు గడువుంటుంది.

కొత్త సభ్యురాలు: మా బోర్డు మీటింగూ ఎల్లుండే. బిల్లుల జాబితా ఇవాళే అడిగాను. రాకపోతే వాయిదా కోరాలా, అభ్యంతరం మినిట్స్‌లో రాయించి ముందుకెళ్లాలా?

పాత ఆడిటర్: నేనైతే జాబితా చూడకుండా బోర్డుకు సిఫారసు చేయను. గడువు దాటితే కంపెనీకి వచ్చే చిక్కు కూడా చిన్నదేం కాదు, అది మీరు చూసుకోవాలి.