రిలయన్స్ షేర్లకు ఐసిన్ నంబర్ ఏది రాయాలి?

నాన్నగారి పాత రిలయన్స్ షేర్ సర్టిఫికెట్లను డీమ్యాట్ చేయిద్దామని ఫారం నింపాను. ఐసిన్ అని ఉన్నచోట కంపెనీ లెటర్‌హెడ్ మీదున్న L17110MH1973PLC019786 రాసేశాను. బ్రోకర్ ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. అక్కడ గడులే 12, నేను ఇరికించింది 21! అది కంపెనీ రిజిస్ట్రేషన్‌తో వచ్చే సిన్ అట. విడదీసి చూస్తే నిజమే: L అంటే లిస్టయిన కంపెనీ, MH మహారాష్ట్ర, 1973 రిజిస్టరైన ఏడాది, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబర్.

ఎన్‌ఎస్‌ఈ సైట్‌లో INE002A01018 కనిపించింది. రాయాల్సింది ఇదేనా? ఇది కంపెనీకి కాదు, షేరుకిచ్చిన నంబర్ కాబట్టి షేరును చీల్చి ముఖవిలువ మారిస్తే ఇదీ మారుతుందని, సిన్ మాత్రం అలాగే ఉంటుందని ఒకాయన చెప్పారు. మా సర్టిఫికెట్ మీద ముఖవిలువ 10 రూపాయలే, సైట్‌లోనూ అంతే. అయినా పాత కాగితాలకు వేరే ఐసిన్ ఉంటుందా? మళ్లీ తిప్పి పంపితే నాన్నగారికి ఇంకోసారి సంతకాల పని పడుతుందండి.