‘లీడింగ్ లైన్స్’కి తెలుగులో ఏం రాయమంటారు?

పోస్టు పెట్టిన సభ్యురాలు, విజయవాడ: మా కాలేజీలో ప్రకృతి దృశ్యాల ఫొటో పోటీ ఉంది. మార్కుల కాగితం తెలుగులోనే ఉండాలన్నారు. రూల్ ఆఫ్ థర్డ్స్‌కి ‘మూడోవంతు సూత్రం’, డెప్త్‌కి ‘లోతు’ అని రాశాను. లీడింగ్ లైన్స్ దగ్గర ఆగిపోయాను. ‘దారి గీతలు’ అనవచ్చా? ఒక్కోదానికి పది మార్కులు, వరసగా మూడోవంతు, గీతలు, లోతు. నమూనాకి మూడు ఫొటోలు పెడుతున్నాను, మూడూ ప్రకాశం బ్యారేజీ దగ్గరివే. మొదటిది బ్యారేజీ రెయిలింగ్, వెనక ఇంద్రకీలాద్రి: 6, 9, 6. రెండోది సాయంత్రం నీళ్లలో పడవ: 8, 0, 2. మూడోది సీతానగరం వైపు రేవు మెట్లు, పడవ, అవతల కొండ: 5, 4, 9. మొదటిదానికి 21 వచ్చాయి కాబట్టి ఫస్ట్ దానికే కదా?

రిటైరైన తెలుగు మాస్టారు: ‘దారి గీతలు’ వింటే రోడ్డు మీద వేసే తెల్లగీతలు గుర్తొస్తాయమ్మా. ‘చూపును నడిపే గీతలు’ అని రాయండి. కాస్త పొడుగే, కానీ అది చేసే పనేమిటో అందులోనే ఉంది.

పటమట సభ్యుడు: లోతు విషయంలో మా ఫోన్‌కి పదికి పది ఇవ్వాలండీ. పోర్ట్రెయిట్ మోడ్‌లో పెడితే వెనకంతా మసకైపోతుంది. మొన్న మా అక్క కూతురు ఓణీల ఫంక్షన్‌లో అదరగొట్టింది.

బ్రాడీపేట స్టూడియో ఆయన: తమ్ముడూ, ఆ మసక వేరు, ఇక్కడడిగే లోతు వేరు. దృశ్యంలో దగ్గరది, మధ్యది, దూరంది విడివిడిగా కనబడాలి. మూడో ఫొటో చూడు. కింద తడిసిన మెట్టు మీద నాచు కూడా కనిపిస్తోంది, మధ్యలో పడవ, ఆ వెనక కొండ గాలిలోని మంచుకి పలచబడి నీలంగా ఉంది. వెనకంతా మసక చేస్తే ఆ కొండే పోతుంది. ‘లోతు’ అని ఒక్క ముక్క రాస్తే జడ్జీలూ ఇలాగే పొరబడతారు. ‘దూరాల లోతు’ అనండి.

ఇక మార్కులు. మొదటి ఫొటోలో రెయిలింగ్‌ని ఎడమ మూల నుంచి వేలితో తడుముతూ వెళ్లమ్మా. కుడి అంచున దీపస్తంభం దగ్గర ఆగుతుంది. కొండేమో ఎడమవైపు ఉండిపోయింది. గీత బలంగా ఉంది, కానీ చూపుని ఫ్రేమ్ బయటికి పంపేసింది. దానికి తొమ్మిదెందుకు? నేనైతే నాలుగిస్తాను. అప్పుడు మొత్తం 16 అవుతుంది, 18తో మూడోది పైకొస్తుంది. బొటనవేలితో రెయిలింగ్‌ని మూసి చూడు. కొండ ఏమీ నష్టపోకపోతే ఆ గీత పని చేయనట్టే.

పటమట సభ్యుడు: అయితే రెండోదే ఫస్ట్ కావాలి కదా? పడవ కరెక్టుగా ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి వంతులు చేసే గీతలు కలిసే చుక్క మీద ఉంది. హొరైజన్ మధ్యలో ఉంటే ఫొటో తప్పని ఎక్కడో చదివాను, ఇందులో అదీ లేదు.

బ్రాడీపేట స్టూడియో ఆయన: చుక్క మీద పెట్టడం సాయపడుతుంది, కాదనను. ‘రూల్ ఆఫ్ థర్డ్స్’ అనే మాట 1797లో జాన్ థామస్ స్మిత్ రాసిన పుస్తకంలో ఉంది. ఆయన పట్టించుకున్నది చుక్కల్ని కాదు, నేలకీ ఆకాశానికీ ఎంతెంత చోటు, వెలుగుకీ నీడకీ ఎంతెంత అన్న పంపకాన్ని. బ్యారేజీ ఎగువన గాలి లేని పొద్దున కొండ నీడ నీళ్లలో అచ్చంగా పడినప్పుడు హొరైజన్ మధ్యలో పెడితేనే ఫొటో నిలబడుతుంది. పైగా ఆ పడవ ముక్కు దగ్గరి అంచు వైపు తిరిగి ఉంది, ముందు చోటు లేదు.

గుంటూరు సభ్యురాలు: అదే నాకు నచ్చిందండీ. పడవ వెళ్లిపోతున్నట్టుంది. దానికి చోటు వెనకే ఉండాలి.

బ్రాడీపేట స్టూడియో ఆయన: మీ మాటా కొట్టిపారేయలేను. వెనక ఆ ఖాళీ నీళ్లలో ఏదో ఒకటి, కనీసం పడవ చీల్చిన నీటిచార అయినా ఉంటే ఒప్పుకునేవాణ్ణి.

పోస్టు పెట్టిన సభ్యురాలు: రెయిలింగ్ దూరం పోయేకొద్దీ సన్నబడుతోంది కదా అన్నా, అందుకే లోతుకి కూడా ఆరిచ్చాను.

బ్రాడీపేట స్టూడియో ఆయన: అక్కడే కూడిక మోసం చేస్తుంది. ఒకే రెయిలింగ్‌కి గీత కింద ఓసారి, లోతు కింద ఓసారి మార్కులు పడ్డాయి. ముందు ఫొటోలన్నీ బాగున్నవి, పర్లేదు, వద్దు అని మూడు కుప్పలు చెయ్యి. బాగున్న కుప్పలో రెండేసి పక్కపక్కన పెట్టి ఏది మేలో తేల్చు. కుప్పలు చేయకుండా ఇరవై ఫొటోలొస్తే అన్నిటినీ జతలు కడితే 190 పోలికలు, తెల్లారిపోతుంది.

రిటైరైన తెలుగు మాస్టారు: కుప్పలు సరే. కాగితం మీద ‘నడిపే గీతలు’ ఉంచుతున్నారా, లేదా?

పోస్టు పెట్టిన సభ్యురాలు: ఉంచుతున్నాను మాస్టారూ. మా హెచ్‌ఓడీ గారు మాత్రం ‘లీడింగ్ లైన్స్’ అనే తెలుగులో రాసేయమంటున్నారు.