బర్న్‌డౌన్ చార్ట్‌లో గీత కదలట్లేదు, పైగా పైకెక్కింది: ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. మా టీమ్‌కి రెండు వారాల స్ప్రింట్, అంటే 10 పనిదినాలు. మొదలుపెట్టినప్పుడు 40 పాయింట్లు. రోజుకి సుమారు 4 తగ్గాలని జిరాలో బూడిదరంగు గీత చెబుతోంది. మా ఎర్ర గీత మాత్రం ఐదో రోజు దాకా 40 దగ్గరే ఉంది. ఆరో రోజు 45కి ఎక్కింది. మేనేజర్ గారు చార్ట్ చూసి "టీమ్ ఏం చేస్తోంది?" అన్నారు.

నిజానికి పని జరుగుతోంది. మొత్తం 21 పాయింట్లున్న మూడు స్టోరీలు కోడింగ్ అయిపోయి టెస్టింగ్ కాలమ్‌లో ఉన్నాయి. స్టోరీ 'డన్'లోకి వెళ్తే తప్ప గీత దిగదు కదా. మాకున్నది ఒక్క టెస్టర్. అయితే ఈ సమస్య టెస్టింగ్‌దా, లేక 8 పాయింట్ల పెద్ద స్టోరీలు పెట్టుకోవడమా? బోర్డులో ఏం చూసి తేల్చుకోవాలి?

పైకెక్కడానికి కారణం తెలుసు: ప్రొడక్షన్ బగ్ ఒకటి, 5 పాయింట్లు, మధ్యలో చేర్చారు. నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఏడో రోజు. ఆ రోజు 8 పాయింట్ల స్టోరీ ఒకటి ముగించాం, అదే రోజు ఇంకో 8 పాయింట్ల పని వచ్చి చేరింది. గీత 45 దగ్గరే నిలిచింది! చూసేవాళ్లకి ఖాళీగా కూర్చున్నట్టే. చార్ట్ కింద పట్టికలో రెండూ విడిగా కనిపిస్తున్నాయి గానీ, అంత దూరం ఎవరు చదువుతారు?

ఇలాంటప్పుడు మీరు బర్న్‌అప్ చార్ట్ చూపిస్తారా? లేక చేరిన పనికి బదులు అంతే పాయింట్ల పనిని స్ప్రింట్ నుంచి తీసేయిస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.