పొద్దున గ్రౌండ్‌కి వెళ్లే ముందు ఏం తిన్నా వాంతి వస్తోంది, తినకపోతే నాలుగో రౌండ్‌లో కాళ్లు పడిపోతున్నాయి

ఓరుగల్లు26: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నా. బట్టల షాపులో పని, రాత్రి 9.30కి వదులుతారు, అన్నం తినేసరికి 10.30. పొద్దున 5.15కి గ్రౌండ్‌లో ఉంటా. అరటిపండు, పాలు తీసుకుని వెళ్తే రెండో రౌండ్‌లోనే కడుపులో తిప్పుతుంది. ఏమీ తినకుండా వెళ్తే నాలుగో రౌండ్‌లో శక్తి ఉండదు, ఆగగానే కళ్లు తిరుగుతాయి. 1600 మీటర్లు 7.40 పడుతోంది. 2022 నోటిఫికేషన్‌లో 7.15 అడిగారు. ఎప్పుడు తినాలి, ఏం తినాలి?

లక్ష్మి_హన్మకొండ: ఖాళీ కడుపుతో మాత్రం పరుగెత్తకు బాబూ. మా అబ్బాయి కూడా ఇలాగే వెళ్లి గ్రౌండ్‌లో పడిపోయాడు. అప్పటినుంచి నేను నాలుగింటికి లేచి రెండు ఇడ్లీలైనా తినిపించి పంపిస్తున్నా.

ఖాళీకడుపు_కిరణ్: నేను ఏడాదిగా ఏమీ తినకుండానే పొద్దున నడక, జాగింగ్ చేస్తున్నా. 11 కిలోలు తగ్గాను. శరీరం కొవ్వు వాడుకోవడం నేర్చుకుంటుంది. మొదట్లో నీరసం మామూలే, పది రోజులు ఓర్చుకో తమ్ముడూ.

పాత_ట్రాక్: తమ్ముడూ, తిండి సంగతి తర్వాత చూద్దాం. నీ నాలుగు రౌండ్ల టైమ్‌లు విడివిడిగా చెప్పు. ఆగగానే ఏం చేస్తావో కూడా చెప్పు.

ఓరుగల్లు26: ఫ్రెండ్ నోట్ చేశాడన్నా. 1.38, 1.55, 2.03, 2.04. ఆగగానే గడ్డిలో కూర్చుంటా.

పాత_ట్రాక్: ఇప్పుడు అర్థమైంది. 7.15 రావాలంటే రౌండ్‌కి 1.49 లోపు చాలు. నువ్వు మొదటి రౌండ్‌లోనే 11 సెకన్లు ముందుకెళ్లి, మిగతా మూడింట్లో దానికి మూల్యం కడుతున్నావు. ఎనిమిది నిమిషాల పరుగుకి కావలసిన ఇంధనం పొద్దున తినే అరటిపండు నుంచి రాదు, కండరాల్లో ముందే నిల్వ ఉంటుంది. రాత్రంతా నిద్రపోయినా అది పెద్దగా తగ్గదు. తగ్గేది కాలేయంలోని నిల్వ. గంటన్నర పరుగుకైతే దాని గురించి ఆలోచించాలి. నీకు నాలుగో రౌండ్‌లో కాళ్లు పట్టేయడం మొదటి రౌండ్ పని.

కళ్లు తిరగడం వేరు. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకు ఎక్కువగా వెళ్తుంది. కాళ్లు కదులుతుంటే కండరాలే దాన్ని పైకి తోస్తాయి. ఒక్కసారిగా ఆగితే అది కిందే ఉండిపోయి తలకు తక్కువ అందుతుంది. కూర్చోకుండా నాలుగైదు నిమిషాలు నడువు, తేడా నీకే తెలుస్తుంది.

ఇక వాంతి. పరుగు మొదలైతే కడుపుకి వెళ్లే రక్తం తగ్గి అరుగుదల మందగిస్తుంది. పాలలో కొవ్వు, ప్రోటీన్ ఉంటాయి కాబట్టి కడుపులోంచి నెమ్మదిగా దిగుతాయి. పైగా నువ్వు 10.30కి తిన్నది కూడా పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. ముందు పాలు మానెయ్.

లక్ష్మి_హన్మకొండ: అంటే తినొద్దంటారా? పడిపోయినవాడి తల్లిని నేను. మీరు సెకన్ల లెక్కలు చెబుతున్నారు.

ఖాళీకడుపు_కిరణ్: అమ్మా, ఆయన చెప్పింది నేను చెప్పిందే కదా. తిండి అక్కర్లేదు.

పాత_ట్రాక్: నేనలా అనలేదు కిరణ్. నువ్వు చేసేది నడక, నెమ్మది జాగింగ్. ఈ అబ్బాయి చేసేది ఊపిరి అందని పరుగు. దానికి కొవ్వు అంత వేగంగా కాలదు. నీ బరువు తగ్గింది రోజంతా తక్కువ తినడం వల్ల. పొద్దున కడుపు ఖాళీగా ఉండటమే కారణమైతే షిఫ్టుల్లో తిండి మానేసే వాళ్లందరూ సన్నబడాలి. లక్ష్మిగారూ, మీ అబ్బాయి ఆ రోజు నిజంగా ఏమీ తీసుకోలేదా?

లక్ష్మి_హన్మకొండ: తిండి ఏమీ లేదు. నాలుగున్నరకి గ్లూకోజ్ పౌడర్ మూడు స్పూన్లు నీళ్లలో కలుపుకున్నాడు. ఐదుంబావుకి మొదలుపెట్టాడు.

పాత_ట్రాక్: అదీ ఒక కారణం అయి ఉండొచ్చు. పరుగుకి ముప్పావుగంట ముందు తీపి తాగితే కొందరికి ఇన్సులిన్ పెరిగి ఉంటుంది, అదే సమయానికి కండరాలూ చక్కెర లాగుతాయి. రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడుతుంది. అందరికీ అలా కాదు, మీ అబ్బాయికి అదే జరిగిందని నేను చెప్పలేను. కానీ అదే తీపి వార్మప్ అయ్యాక, పరుగుకి ఐదు, పది నిమిషాల ముందు తీసుకుంటే ఈ ఇబ్బంది సాధారణంగా రాదు.

నర్స్_సునీత: షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఈ ఖాళీ కడుపు సలహాలు చదివి పాటించకండి. వాళ్ల లెక్క వేరు, డాక్టర్‌తో మాట్లాడాలి. నడిచినా కళ్లు తిరగడం తగ్గకపోతే, లేదా పరుగు మధ్యలోనే స్పృహ తప్పితే ఓరుగల్లు తమ్ముడు కూడా చూపించుకోవాలి.

ఖాళీకడుపు_కిరణ్: రాత్రి 7.30కి తినేసి పడుకుంటే ఈ సమస్యే ఉండదు. క్రమశిక్షణ కావాలి.

ఓరుగల్లు26: అన్నా, మీరు ఇంట్లో కూర్చుని పని చేస్తారు. నేను 9.30 దాకా నిలబడి చీరలు చూపిస్తా. మధ్యలో తిన్నందుకు ఒకసారి కౌంటర్ దగ్గర అందరి ముందు మాట పడ్డా. సాయంత్రం ఐదింటికి పావుగంట టీ బ్రేక్, అంతే. క్రమశిక్షణ లేక కాదు ఇది.

ఖాళీకడుపు_కిరణ్: సారీ తమ్ముడూ. నీ పని వేళలు నేను పట్టించుకోలేదు.

పాత_ట్రాక్: ఆ పావుగంట చాలు. అసలు అన్నం అప్పుడే తిను. పెరుగన్నమో, పప్పన్నమో డబ్బాలో తీసుకెళ్లు. రాత్రి 10.30కి రెండు చపాతీలు, లేదా సగం పళ్లెం అన్నం, నూనె తక్కువ కూరతో. మాంసం, వేపుళ్లు గట్టి ప్రాక్టీస్ ముందు రాత్రి వద్దు. పొద్దున లేవగానే గ్లాసు నీళ్లు తాగి వెళ్లు. ప్రాక్టీస్ అయ్యాక ఇడ్లీలు, గుడ్లు, కడుపునిండా.

లక్ష్మి_హన్మకొండ: ఈవెంట్స్ రోజు సంగతి ఎవరూ చెప్పడం లేదు! మా అబ్బాయిని తెల్లవారుజామున లోపలికి పంపారు. వేలిముద్రలు, ఎత్తు కొలతలు, లైన్లు. పరుగు వచ్చేసరికి పదైంది. అంతసేపు ఏమీ తినకుండా ఎలా ఉంటాడు? నేను ఇడ్లీ పెట్టేది దానికోసం. అలవాటు లేకపోతే ఆ రోజు తిన్నది అక్కడే కక్కుతాడు.

పాత_ట్రాక్: ఈ మాట సరైనది అమ్మా. నేను ప్రాక్టీస్ గురించే మాట్లాడుతున్నాను, మీరు పరీక్ష గురించి. దానికి కడుపుని అలవాటు చేయాలి, కానీ ఇడ్లీతో మొదలుపెట్టకూడదు. గ్లాసు నీళ్లలో రెండు స్పూన్ల చక్కెర, చిటికెడు ఉప్పు. నెమ్మది పరుగు ఉన్న రోజు వార్మప్ తర్వాత మూడు గుక్కలు. వారం నిలిస్తే సగం గ్లాసు. ఆ తర్వాత పావు అరటిపండు. ఏ దశలో తిప్పినా ఒక మెట్టు వెనక్కి. గట్టి పరుగు రోజు కొత్తది ప్రయత్నించొద్దు.

లక్ష్మి_హన్మకొండ: పావు అరటిపండుతో పది గంటల దాకా ఎవరు ఉంటారు?

ఓరుగల్లు26: మూడు వారాలైంది, చెబుదామని వచ్చా. ఐదింటికి పెరుగన్నం తింటున్నా, పాలు మానేశా. పరుగయ్యాక నడుస్తున్నా, కళ్లు తిరగడం లేదు. చక్కెర నీళ్లు సగం గ్లాసు దాకా నిలుస్తున్నాయి. అరటిపండు పావు ముక్క తింటే మాత్రం ఇంకా తిప్పుతోంది. నిన్నటి రౌండ్లు 1.46, 1.50, 1.52, 1.53. మొత్తం 7.21. ఇంకా ఆరు సెకన్లు తగ్గాలి. లక్ష్మి అమ్మా, మీ అబ్బాయి ఈవెంట్స్ రోజు లైన్‌లో ఉన్నప్పుడు ఏం తిన్నాడు, ఎన్నింటికి తిన్నాడు? లోపలికి ఏదైనా తీసుకెళ్లనిచ్చారా?