గురుకులంలో వచ్చే మార్పు ద్వితీయ సామాజికీకరణా, పునఃసామాజికీకరణా?

ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టు రాస్తూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ప్రాథమిక, ద్వితీయ సామాజికీకరణల మధ్య సోషియాలజిస్టులు బర్గర్, లక్‌మన్ 1966లో చూపిన తేడా నాకు అర్థమైంది. ఇంట్లో నేర్చుకున్నదే పిల్లలకి మొత్తం లోకం. అమ్మానాన్నల్ని వాళ్లు ఎంచుకోలేదు, పోల్చుకోవడానికి ఇంకో లోకం తెలియదు. బడిలో నేర్చుకునేది మాత్రం ఫలానా పాత్రకి సంబంధించింది, టీచర్ మారినా పాఠం మారదు.

చిక్కల్లా నేను మాట్లాడిన అమ్మాయి దగ్గరొచ్చింది. ఉట్నూరు వైపు గోండు కుటుంబం, ఇంట్లో గోండీయే. ఐదో తరగతిలో గురుకులంలో చేరింది, ఇప్పుడు తొమ్మిది. సెలవులకి వెళ్తే నానమ్మ గోండీలో అడిగినదానికి తెలుగులో జవాబిస్తుందట. ఇది టీచర్లు నేర్పింది కాదు. హాస్టల్లో తోటి పిల్లలు యాసని వెక్కిరించడంతో మొదలైందట. ఇంటికెళ్లినా ఫోన్లో చూసే రీల్స్ తెలుగువే. అయినా దీపావళికి ముందు గోండుల దండారి పండగ మొదలైతే ఊరెళ్లాల్సిందేనని పట్టుబడుతుంది.

తిండీ నిద్రా చదువూ ఒకేచోట, ఒకే టైంటేబుల్ ప్రకారం నడిచే చోటుని గాఫ్‌మన్ ‘సంపూర్ణ సంస్థ’ అన్నాడు. ఆ లెక్కన ఇది పాత గుర్తింపుని చెరిపి కొత్తది నిలిపే పునఃసామాజికీకరణ. కానీ పాత గుర్తింపు చెరిగిపోలేదు కదా! మా గైడ్ ‘రెండూ రాసెయ్’ అంటున్నారు. అది తప్పించుకోవడమే అని నాకనిపిస్తోంది.

ఈ రెండింటినీ విడదీయాలంటే ఇంటర్వ్యూలో ఏం అడగాలి? కోపమొస్తే ఏ భాష వస్తుంది, ఎవరి ముందు గోండీ దాస్తావు లాంటి ప్రశ్నలు సరిపోతాయా? గురుకులాల్లో చదివినవాళ్లు మీ అనుభవం చెప్పినా చాలు.