తెలుగులో ఒక్క వాక్యమే, ఇంగ్లిష్‌లో సెకండ్ కండిషనలా థర్డ్ కండిషనలా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇఫ్ వాక్యాల దగ్గర ఆగిపోయింది. జీరో, ఫస్ట్ బాగానే వచ్చాయి. మంచును వేడి చేస్తే కరగడం ఎప్పుడూ నిజం కాబట్టి రెండు వైపులా ప్రెజెంట్, రేపు వాన పడితే అన్నప్పుడు ఇఫ్ వైపు ప్రెజెంట్, రెండో వైపు విల్.

చిక్కంతా ఆ తర్వాతే. "నాకు తెలిస్తే చెప్పేదాన్ని" అని మనం ఒక్కటే అంటాం కదా, దానికి ఇప్పుడు తెలియదు అనే అర్థమైతే "ఇఫ్ ఐ న్యూ, ఐ వుడ్ టెల్ యూ" అవుతుంది, అప్పుడు తెలియలేదు, ఆ అవకాశం దాటిపోయింది అంటే "ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యూ" అవుతుంది. తను రెండూ కలిపేసి "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని రాస్తోంది. ఇఫ్ పక్కన వుడ్ రాకూడదని చెప్పాను, అది అర్థమైంది.

కానీ "ఇఫ్ హి (రన్), హి (క్యాచ్) ది బస్" లాంటి ఖాళీలో ఎస్టర్‌డే లాంటి మాటేమీ లేకపోతే ఏ టైప్ అని ఎలా తేల్చుకోవాలి? నాకైతే మూడూ సరిపోతాయనిపిస్తోంది. పిల్లలకు మీరు దీన్ని ఎలా చెబుతారు?